కొలువు కింది మెట్టు పిల్లలదే!
ఉప్పు పిండితో బొమ్మలు... వయసును బట్టి పని

బళ్లారి: దసరా సెలవులొచ్చాయంటే అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగుతుంది. పాత పంచెల్లో చుట్టి దాచిన బొమ్మలు ఒక్కటొక్కటిగా బయటికొస్తాయి. వాటి చుట్టూ పిల్లలు. 'ముట్టొద్దు, పగులుతుంది' అంటూ పెద్దలు. కన్నడిగులు గొంబె అన్నా, తమిళులు గొలు అన్నా, మనం బొమ్మల కొలువు అన్నా ఇంటింటా ఏటా జరిగే తంతు ఇదే. బళ్లారిలో మూడు తరాలుగా ఉంటున్న ఓ తెలుగు కుటుంబం నిరుడు దీనికో దారి వెతికింది. ఐదు మెట్ల కొలువులో అన్నిటికన్నా కింది మెట్టును పిల్లలకు వదిలేసింది. షరతు ఒక్కటే... ఆ మెట్టు మీద కొన్న బొమ్మ ఉండకూడదు. ఏం పెట్టినా వాళ్ల చేత్తో చేసిందే పెట్టాలి.

మాట బాగానే ఉంది. పని మాత్రం మొదటి ఏడాది బెడిసికొట్టింది. ముగ్గురు పిల్లలనూ ఒకేచోట కూర్చోబెట్టి ఒకే పిండి ముద్ద ఇచ్చారు. పెద్ద పాప చేసిన ఏనుగు తొండం రెండో రోజుకే ఊడిపడింది. మిగతా బొమ్మలు ఎండలో బీటలు వారాయి. అప్పటికి ఏడాదిన్నర నిండిన చిన్నది పిండి ముద్దను నోట్లో కుక్కుకుంది. వీటన్నిటినీ మించిన ప్రమాదం మరొకటి తృటిలో తప్పింది. దాని సంగతి తర్వాత. ఈ ఏడాది అదే ఇంట్లో, అదే ముగ్గురితో పని సాఫీగా జరిగింది. పెద్ద పాపకిప్పుడు తొమ్మిదేళ్లు, పిల్లాడికి ఐదు, చిన్నదానికి రెండున్నర. మధ్యలో మారిందేమిటి?

రెండు గ్లాసులకు ఒకటి

ముందు పిండి గురించి. బంకమట్టి దొరకని వీధుల్లో, అపార్ట్‌మెంట్లలో ఉప్పు పిండే సులువు. రెండు గ్లాసుల మైదాకు ఒక గ్లాసు పొడి ఉప్పు. నీళ్లు ముప్పావు గ్లాసు దాకా పడతాయి గానీ ఒకేసారి పోయకూడదు. మైదా పాతదా కొత్తదా, గాలిలో తేమ ఎంత అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. కొద్దికొద్దిగా పోస్తూ పది నిమిషాలు బాగా పిసకాలి. రాళ్ల ఉప్పు అయితే మిక్సీలో మెత్తగా కొట్టుకోవాలి. లేకపోతే ఆరిన తర్వాత బొమ్మ ఒంటి మీద తెల్లటి గుల్లలు తేలతాయి.

పిండి కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఓ పరీక్ష ఉంది. బొటనవేలంత లావు తాడులా చేసి వంచాలి. వంపు దగ్గర చీలికలొస్తే తడి చాలలేదని అర్థం. చెయ్యి తడిపి మళ్లీ పిసికితే చాలు, విడిగా నీళ్లు పోయనక్కర్లేదు. వేళ్లకు అంటుకుంటే గుప్పెడు మైదా చల్లాలి. తర్వాత తడిగుడ్డ కప్పి అరగంట ఉంచితే పిండి సాగుడు తగ్గి చెప్పిన మాట వింటుంది. వెంటనే చేయబోతే రొట్టె పిండిలా వెనక్కి ముడుచుకుపోతుంది.

ఒకసారికి రెండు గ్లాసుల మైదా దాటొద్దన్నది ఈ ఇంటి అనుభవం. ఎక్కువ కలిపితే ఆట పాడవదు గానీ ఇల్లు పాడవుతుంది. మిగిలిన పిండిని మూతబిగిసే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు పనికొస్తుంది. ఆ తర్వాత నీరు వదిలి జారుతుంది.

చిన్నదానికి ఆ పిండి వద్దు

నిరుడు చిన్నది నోట్లో పెట్టుకున్నది ఈ ఉప్పు పిండినే. నాలుక్కి తగలగానే మొహం వికారంగా పెట్టి ఉమ్మేసింది కాబట్టి సరిపోయింది. ఈ పిండిలో గ్లాసు లెక్కన ఉప్పు సగమే కనిపిస్తుంది గానీ తూకం వేస్తే మైదాతో సమానం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. నిమ్మకాయంత ముద్దలో సుమారు మూడు చెంచాల ఉప్పుంటుంది. పెద్దవాళ్లకే రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, పది పన్నెండు కిలోల పసిదాని ఒంట్లోకి ఒక్కసారిగా 15 గ్రాములు పోవడం మాటలు కాదు. నాకి ఉమ్మేస్తే నోరు కడిగి మంచినీళ్లు తాగిస్తే చాలు. ముద్ద మింగినట్టు అనుమానం వచ్చినా, ఆగని దాహం, వాంతులు, మగత కనిపించినా ఇంట్లో వైద్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేలు పెట్టి కక్కించకూడదు.

ఈ ఏడాది దీనికి ఉపాయం చెప్పింది ఇంట్లోని అవ్వే. "ఉండ్రాళ్ల పిండి చేసియ్యండి దానికి. తిన్నా కడుపుకే కదా పొయ్యేది" అనేసిందామె. నిజానికి ఇంతకన్నా మంచి పిండి బజారులో దొరకదు. గ్లాసు నీళ్లు మరిగించి, చెంచా నూనె వేసి, గ్లాసు బియ్యప్పిండి పోసి కలిపి మూత పెడితే ఆవిరికి ఉడుకుతుంది. పచ్చి పిండి తింటే కడుపు చెడే ప్రమాదం ఉంటుంది, ఇందులో ఆ గొడవ లేదు. సగం ముద్దకు చిటికెడు పసుపు, మిగతా సగానికి రెండు చెంచాల బీట్‌రూట్ రసం కలిపితే రెండు రంగులు. ఒక్క జాగ్రత్త... పైన చల్లారినా ముద్ద లోపల వేడి చాలాసేపు నిలుస్తుంది. రెండుగా విరిచి, మధ్యలో వేలు పెట్టి చూసి ఇవ్వాలి. ఇది సాయంత్రానికి ఎండి పగిలిపోతుంది, దాచుకునేది కాదు. తినగలిగేదే అయినా పెద్ద ముద్ద గొంతుకు అడ్డం పడొచ్చు కాబట్టి పిల్ల పక్కనే ఒకరు కూర్చోవాలి.

రెండున్నరేళ్ల పిల్లకు బొమ్మ చేయడం రాదు, రావాలనుకోవడమూ తప్పే. నొక్కడం, పొడవడం, చింపడం... దాని చేతికొచ్చిన విద్యలివే. అందుకే చిన్నదానికి ఈ ఏడాది అచ్చుల పని ఇచ్చారు. పూరీలా ఒత్తిన పిండి మీద ఆకు పెట్టి అరచేత్తో నొక్కడం, ఆకు లాగేస్తే ఈనెల గీతలన్నీ పడటం. మునగాకు రెమ్మ, మందారాకు, మామిడాకు బాగా అచ్చు దిగుతాయి. ఆకులు ఏరేది మాత్రం పెద్దలే అయి ఉండాలి. దొడ్లో, రోడ్డు మధ్యలో ఎక్కడ చూసినా కనిపించే గన్నేరు ఆకు విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. పది పదిహేను నిమిషాల్లో చిన్నదానికి విసుగొచ్చింది. అక్కడితో దాని పని ముగిసింది, చేతులు కడిగి లేపేశారు. నిరుడు గంటసేపు కూర్చోబెట్టడం వల్లే పిండి నోటిదాకా వెళ్లిందని తల్లి అభిప్రాయం.

పిల్లాడి అంగడి

ఐదేళ్ల పిల్లాడికి ఉప్పు పిండి ఇవ్వొచ్చు. నోట్లో పెట్టుకోకూడదని చెబితే అర్థమయ్యే వయసు. ఈ వయసుకు మూడే ఆకారాలు నేర్పాలి. ఉండ, తాడు, బిళ్ల. ఉండను వేలితో గుంటపెడితే కుండ. తాడును చుడితే నత్త, పాము, జిలేబీ. బిళ్ల మీద ఉండలు పేరిస్తే లడ్డూల పళ్లెం. మనిషి బొమ్మ చేయమంటే ఈ వయసు పిల్లలు నీరుగారిపోతారు. తల నిలబడదు, చేతులు అతకవు. 'నాకు రాదు' అని లేచిపోతారు.

కొలువులో పప్పులు, బియ్యం కుప్పలు పోసుకుని కూర్చునే శెట్టి, శెట్టమ్మ బొమ్మలు ఉంటాయి కదా. ఈ ఇంట్లో ఆ అంగడికి సరుకు సరఫరా చేసే బాధ్యత పిల్లాడికి అప్పగించారు. వంకాయలు, మిరపకాయలు, అరటి గెల, దోసకాయలు. రెండు రోజుల్లో, రోజుకు అరగంట చొప్పున, నలభైకి పైగా కాయలు చేశాడు. వంకర పోయిన వంకాయను చూసి ఎవరూ తప్పు పట్టరు. నిజం వంకాయ కూడా అలాగే ఉంటుంది. పళ్లకు గరుకు రావడానికి దువ్వెన, గీతలకు చెంచా కాడ, చిల్లులకు మొద్దు పుల్ల. కత్తి, సూది, గుండుసూది బల్ల మీదికే రాలేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. పిల్లాడి మిరపకాయ చిన్నదానికి గండం. మూడేళ్లలోపు పిల్లలు తిరిగే ఇంట్లో ఏ వస్తువు ప్రమాదమో తేల్చడానికి సులువైన కొలత... దళసరి కాగితాన్ని 4 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలా చుట్టాలి. అందులోంచి జారిపోయే వస్తువేదైనా పసిపిల్ల గొంతులో ఇరుక్కోగలదు. ఆ లెక్కన అంగడి సరుకంతా గొట్టంలో పడిపోయింది. అందుకని కాయలన్నిటినీ ఆరకముందే ఒక్కో పిండి బిళ్ల మీద తడిచేసి అతికించారు. విడి మిరపకాయ బదులు మిరపకాయల తట్ట తయారైంది. చేత్తో తీస్తే తట్ట మొత్తం వస్తుంది, కాయ రాదు.

కన్ను కోసం గురిగింజ

ఇక నిరుటి ప్రమాదం. పెద్ద పాప తన ఏనుగుకు కళ్లు పెట్టాలనుకుంది. అవ్వ పెట్టెలో పాతకాలం గురిగింజలు గుప్పెడు ఉన్నాయి. ఎర్రటి ఒళ్లు, నల్లటి చుక్క... కన్నుకు అంతకన్నా అందమైనది ఏముంటుంది? చవితికి మట్టి వినాయకుడికీ చాలా ఇళ్లల్లో ఇవే కళ్లు. కన్నడంలో గులగంజి, తమిళంలో కుండుమణి, మరాఠీలో గుంజ. ఒకప్పుడు బంగారం తూచింది వీటితోనే. గింజ పిండిలోంచి ఊడిపోతోందని పాప సూదితో చిల్లు పొడవబోయింది. అప్పుడు తల్లి చూసింది.

గురిగింజ లోపల అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంది. పైన పెంకు గట్టిది కాబట్టి నమలకుండా మింగిన గింజ చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. పెద్దవాళ్లకు వీటిమీద భయం లేకపోవడానికి కారణం ఇదే. అయితే చిల్లు పడినా, పగిలినా, పిల్లలు కొరికినా ఆ రక్షణ పోతుంది. ఒకటి రెండు గింజలే పసిపిల్లల ప్రాణం మీదికి తేవచ్చు. లక్షణాలు వెంటనే కనిపించవు. కొన్ని గంటలకు, ఒక్కోసారి మర్నాటికి గానీ వాంతులు, రక్త విరేచనాలు మొదలుకావు. 'బాగానే ఆడుకుంటోంది కదా' అని ఊరుకోకూడదన్నమాట. మింగిందని అనుమానం వస్తే మిగిలిన గింజను చేతపట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. చిల్లు పొడిచేటప్పుడు రేగే పొడి కూడా మంచిది కాదు.

"మా చిన్నప్పుడు వీటితోనే ఆడుకుంటిమి, ఏం కాలే" అని అవ్వ మొదట ఒప్పుకోలేదు. చిల్లు సంగతి వివరించాక తనే గింజల్ని పొట్లం కట్టి బీరువా పై అరలో పెట్టింది. ఈ ఏడాది ఏనుగు కన్ను చాలా సులువుగా వచ్చింది. పెన్సిల్ వెనక భాగంతో చిన్న గుంట నొక్కి, ఆరిన తర్వాత అందులో నల్ల రంగు చుక్క వేశారు. గుంటలో నీడ పడి గింజకన్నా జీవంగా ఉందని ఇప్పుడందరూ ఒప్పుకుంటున్నారు.

తొండం ఎందుకు ఊడింది?

తొమ్మిదేళ్ల పిల్లలు గంటసేపు కుదురుగా కూర్చుంటారు. ఈ వయసులో అతుకులు నేర్పితే బొమ్మలు నిలబడతాయి. మైసూరు జంబూసవారీ టీవీలో చూసిన పెద్ద పాపకు అంబారీ ఏనుగే కావాలి. నిరుడు చేసిన ఏనుగులో రెండు తప్పులున్నాయి. ఒంటిని మొత్తం పిండితోనే లావుగా చేసింది. తొండాన్ని గాల్లోకి లేపి ఊరికే నొక్కి అంటించింది.

ఉప్పు పిండి చిటికెన వేలి మందం దాటితే లోపల ఆరదు. పైపొర ఎండి బిగుసుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది. రెంటి లాగుడులో బీట పడుతుంది. అందుకే ఈసారి పాత కాగితాన్ని నిమ్మకాయంత ఉండగా గట్టిగా నలిపి, దారం చుట్టి, దాని మీద పిండిని చపాతీలా కప్పింది. నాలుగు కాళ్లకు ఒకే తాడు చేసి స్కేలుతో కొలిచి నాలుగు సమాన ముక్కలు కోసింది. విడివిడిగా చేస్తే ఒక్క కాలైనా పొట్టిదై ఏనుగు కుంటుతుంది. అతికించాల్సిన రెండు వైపులా పుల్లతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, పిండిలో నీళ్లు కలిపిన జావ పూసి నొక్కింది. గీతల్లోకి జావ దిగి అదే జిగురవుతుంది. గీతలు లేకుండా నున్నటి ముఖాలను అంటిస్తే తడి ఉన్నంతసేపే అతుకు, ఆరగానే ఊడుతుంది. ఇక తొండం... దాన్ని గాల్లో వదలకుండా కిందికి దించి చివరను ముందరి పాదం మీద ఆనించింది. పాత మట్టి ఏనుగు బొమ్మల్ని గమనిస్తే చాలావాటి తొండం కాలికో ఒంటికో ఆని ఉంటుంది. అందం కోసమనుకుంటాం గానీ అది ఆసరా.

అంబారీకి అంచులు కావాలని టీ వడపోసే జాలిలో పిండి పెట్టి వెనక నుంచి నొక్కింది. సన్నటి పోగులు కుచ్చుల్లా దిగాయి. సింహాలకు జూలు, బొమ్మలకు జుట్టు ఇలాగే వస్తాయి. జాలిని వెంటనే కడగాలి. ఉప్పు పిండి ఎండితే రంధ్రాలు పూడిపోతాయి, ఇనుపదైతే తుప్పూ పడుతుంది.

ఎండ కాదు, నీడ

బళ్లారి ఎండకు గంటలో ఆరిపోతుందని నిరుడు మిద్దె మీద పెట్టారు. అదే తప్పయింది. ఈసారి మొదటి రోజంతా నీడలో, గాలి తగిలేచోట జల్లెడ మీద ఉంచారు. రెండో రోజు నుంచి పొద్దుటి ఎండలో పెట్టి పూటకోసారి తిప్పారు. తట్టలు మూడు రోజులకు, ఏనుగు ఐదు రోజులకు ఆరాయి. ఆరిందని ఎలా తెలుస్తుంది? అడుగున గోటితో కొడితే టక్కుమని గట్టి చప్పుడు రావాలి. మొద్దుగా వినిపిస్తే లోపల తడి ఉన్నట్టే. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలినా ఇంకా ఆరాల్సి ఉంది.

ఇదంతా బళ్లారి, హోస్పేట లాంటి పొడి ఊళ్ల లెక్క. చెన్నైలో దసరా నాటికి వానలు మొదలయ్యే రోజులు, పైగా సముద్రపు గాలి. ఉప్పు తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఆరిన బొమ్మ కూడా చెమర్చి మెత్తబడుతుంది. ఓవెన్ ఉంటే 100 డిగ్రీల్లో రెండు మూడు గంటలు ఉంచాలి, ఆ పని పెద్దలదే. చల్లారగానే అడుగు భాగంతో సహా అన్ని వైపులా రంగు వేసి మూసేయాలి. చాలామంది అడుగు వదిలేస్తారు, తేమ అక్కడి నుంచే ఎక్కుతుంది. అది కుదరనివాళ్లు కుమ్మరి దగ్గర బంకమట్టి తెచ్చుకోవడమే మేలు. యానాం వైపు సంక్రాంతికి కొలువు పెట్టే ఇళ్లకు ఈ బాధ తక్కువ. జనవరి గాలి పొడిగా ఉంటుంది.

రంగుల విషయంలో ఒక్క మాట. పిల్లల కోసమని రాసి ఉన్న పోస్టర్ రంగులు చాలు. తలుపులకు వేయగా స్టోర్‌రూంలో మిగిలిన పాత పెయింటు డబ్బా జోలికి పోవద్దు. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మనదేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి డబ్బాలో ఎంత ఉందో చెప్పలేం. పెట్టెలోని పాత బొమ్మల్ని చిన్నపిల్లల నోటికి అందనివ్వకూడదనడానికీ ఇదే కారణం.

ఇల్లు ఊడ్చే లెక్క

ఈ ఇంట్లో తల్లికి ఎక్కువ చిరాకు తెప్పించింది బొమ్మలు కాదు, నేల. నిరుడు న్యూస్‌పేపర్లు పరిస్తే పిండికి అంటుకుని చిరిగాయి, అక్షరాల సిరా బొమ్మలకు ఎక్కింది. ఈసారి బియ్యం సంచిని కోసి పరిచి, ఒక్కొక్కరికి అంచున్న స్టీలు పళ్లెం ఇచ్చారు. ఎవరి పిండి వాళ్ల పళ్లెం దాటకూడదు. నేల మీద పడిన ముక్కల్ని తడిగుడ్డతో తుడిస్తే జిగురులా పరుచుకుంటుంది. అలా వదిలేస్తే సాయంత్రానికి ఎండుతుంది, చీపురుతో ఒక్క ఊడ్పు చాలు. అయితే అంతవరకు చిన్నది ఆ గదిలోకి రాకుండా తలుపు వేయాలి.

చేతులు నేరుగా సింకులో కడిగితే పైపు పూడుకుపోతుంది. ముందు పొడి మైదా రాసుకుని నలిపితే పిండి ఉండలుగా రాలుతుంది, ఆ తర్వాత బకెట్లో కడగాలి. ఆ నీళ్లు మొక్కలకు పోయకూడదు, ఉప్పుకు వేర్లు మాడతాయి. తులసికోటకు దగ్గరగా పారబోసి నిరుడు అవ్వ చేత తిట్లు తిన్నది పిల్లాడు కాదు, వాళ్ల నాన్న. ఇంకో తమాషా... పసుపు అంటిన చేతులకు సబ్బు రాస్తే ఎర్రగా మారతాయి. చిన్నది చూసి రక్తమనుకుని ఏడుపు లంకించుకుంది. సబ్బులోని క్షారానికి పసుపు రంగు మారుతుందంతే, నీళ్లు పోస్తే పోతుంది.

పండగ తర్వాత బొమ్మలన్నీ మళ్లీ ట్రంకు పెట్టెకెక్కుతాయి. ఉప్పు పిండివి మాత్రం అందులోకి పోవు. అవి తేమ పీల్చి పక్కనున్న కొయ్య బొమ్మలకు, పంచెలకు అంటిస్తాయి. వాటికి విడిగా బిస్కెట్ల రేకు డబ్బా, అడుగున మడిచిన కాగితాలు. తట్టలు, అంబారీ ఏనుగు అందులోనే సర్దారు. చిన్నదాని ఆకు అచ్చులు దశమి నాటికే పొడిపొడిగా రాలిపోయాయి. వాటిని అవ్వ గోడ మీద చల్లితే ఉడతలు వచ్చి తిన్నాయి. 'వచ్చే ఏడు ఉడుతకు ఇంకా పెద్దది చేస్తా' అంటోందట చిన్నది.